తెల్లటి అక్షరాల్లో దాచిన పదాలు: ఒక టెస్ట్ ఇంజనీరు రెజ్యూమె కేసు

పదకొండేళ్లు ఐటీ రిక్రూటర్‌గా పనిచేశాను. ఆ తర్వాత ఉద్యోగం మారాలనుకునేవారికి రెజ్యూమెల విషయంలో సలహా ఇస్తున్నాను. ఈ కేసును ఆ అభ్యర్థి అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసేశాను. ఇందులో ఆమె పొరపాటుతో పాటు నా పొరపాటు కూడా ఉంది. రెండూ చెప్పకపోతే కేసు అర్థం కాదు.

నేపథ్యం

ఆమెకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఆరేళ్ల అనుభవం ఉంది. మొదటి రెండేళ్లు బీమా అప్లికేషన్ మీద మాన్యువల్ టెస్టింగ్ చేశారు. తర్వాతి నాలుగేళ్లు సెలీనియం అనే టూల్, జావాలతో పరీక్షలు వాటంతటవే నడిచేలా చేసే ఆటోమేషన్, కొంత ఏపీఐ టెస్టింగ్ చేశారు. ప్రాజెక్టు ముగిశాక కొన్నాళ్లు వేరే ప్రాజెక్టు ఇవ్వకుండా బెంచ్ మీద ఉంచి, చివరకు రాజీనామా చేయమన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆమె మూడు నెలల్లో సుమారు 140 ఉద్యోగాలకు దరఖాస్తు చేసి ఉన్నారు.

వచ్చిన ఫోన్లు ఐదు. అందులో నాలుగు ఆమె పనికి సంబంధం లేనివి. సర్వర్ల వైపు వాడే కాఫ్కా, కుబర్నెటీస్ లాంటి టూల్స్ తెలిసి, సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ల మీద నడిపించే డెవాప్స్ ఇంజనీరు కావాలంటూ వచ్చాయి. "ఫోన్లయితే వస్తున్నాయి కదా మేడమ్, ఎక్కడో కొంచెం తేడా పడుతోంది" అన్నారామె. టెస్టింగ్ మనిషిని డెవాప్స్‌కు ఎందుకు పిలుస్తున్నారన్న ప్రశ్న నేను అప్పుడే వేసుకోవలసింది. ఉద్యోగ పోర్టళ్లలో రిక్రూటర్లు అడ్డదిడ్డంగా ఫోన్లు చేయడం మామూలే అనుకుని వదిలేశాను.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు విఫలమైంది

ఆమె రెజ్యూమె రెండు నిలువు వరుసల్లో ఉంది. ఎడమ వైపు టెక్స్ట్ బాక్సులో నైపుణ్యాలు, కుడి వైపు అనుభవం. రెజ్యూమెను చదివి పేరు, కంపెనీ, తేదీ, నైపుణ్యం అంటూ విడదీసే భాగాన్ని పార్సర్ అంటారు. రెండు వరుసలుంటే కొన్ని పార్సర్లు రెండింటినీ కలిపి చదువుతాయి, కంపెనీ పేరు పక్కన తేదీకి బదులు ఏదో టూల్ పేరు వచ్చి చేరుతుంది. సమస్య అదేనని తేల్చేశాను. ఆమె పంపిన వర్డ్ ఫైలులోనే వరుసలు తీసేసి, తేదీలన్నీ ఒకే తీరులో పెట్టి, పీడీఎఫ్ చేసి ఇచ్చాను.

రెండో పేజీ అడుగు సగం ఖాళీగా ఉంది. చూశాను. ఖాళీయే కదా అనుకున్నాను.

నాలుగు వారాల్లో ఆమె మరో 22 చోట్ల దరఖాస్తు చేశారు. రెండు ఫోన్లు వచ్చాయి, రెండూ కాఫ్కా కోసమే. ఈలోగా నేనే ఆమె రెజ్యూమెను తెలిసిన కన్సల్టెన్సీకి పంపాను. అక్కడి రిక్రూటర్ ఒకప్పుడు నా బృందంలో పనిచేసిన అమ్మాయి. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది.

"మేడమ్, మీరు పంపిన రెజ్యూమెలో పుణె ఆఫీసు గురించి ఎందుకుంది? ఎనిమిదేళ్ల అనుభవం తప్పనిసరి అని కూడా ఉంది. ఇది ఏ ఉద్యోగ ప్రకటనలోని జేడీ?"

కన్సల్టెన్సీలు అభ్యర్థి రెజ్యూమెను ఉన్నదున్నట్టు క్లయింటుకు పంపడం అరుదు. ఫోన్ నంబరు తీసేసి, తమ లోగో ఉన్న ఫార్మాట్‌లోకి మార్చి పంపుతారు. అందుకోసం మొత్తం కాపీ చేసి, ఫార్మాటింగ్ లేకుండా ఉత్త అక్షరాలుగా పేస్ట్ చేస్తారు. అలా చేసిన క్షణంలో అక్షరాల రంగు, పరిమాణం పోయి అన్నీ ఒకే నలుపులోకి వస్తాయి. నేను ఖాళీ అనుకున్న ఆ అర పేజీలో ఒక కంపెనీ ఉద్యోగ ప్రకటన మొత్తం ఉంది. దాని కింద అరవై దాకా టూల్స్ పేర్లు ఉన్నాయి, సెలీనియం అన్న మాట ఒక్కటే ఇరవై సార్లు ఉంది. అన్నిటికంటే కింద, ఈ అభ్యర్థికి అత్యధిక మార్కులు ఇవ్వమని సాఫ్ట్‌వేర్‌ను ఆదేశించే ఒక వాక్యం.

ఆ అమ్మాయి చూసింది కాబట్టి అది క్లయింటుకు వెళ్లలేదు. అయితే తమ డేటాబేస్‌లో ఆమె పేరు పక్కన 'ఎక్కడికీ పంపవద్దు' అని అప్పటికే రాసేసింది. తప్పు పట్టలేను. ఆ అమ్మాయి స్థానంలో ఉంటే నేనూ అదే రాసేదాన్ని.

ఆ రాత్రి నేను మొదటి రోజే చేయవలసిన పని చేశాను. పీడీఎఫ్ లోపల అక్షరాలుగా ఏముందో బయటికి తీసే చిన్న ఆదేశమిది:

```
pdftotext -layout resume.pdf -
```

వర్డ్ ఫైలులో తెల్ల రంగు ఎన్నిచోట్ల వాడారో లెక్కపెట్టడానికి ఇది:

```
unzip -p resume.docx word/document.xml \
  | grep -o 'w:color w:val="FFFFFF"' | wc -l
```

ఈ ఆదేశాలు రానివారు పీడీఎఫ్ తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే చాలు. ఒక జాగ్రత్త చెప్పాలి. తెల్ల రంగు కనిపించగానే మోసం అనుకోకూడదు. ముదురు నీలం పట్టీ మీద తెల్ల అక్షరాలతో పేరు రాసే టెంప్లేట్లు చాలా ఉన్నాయి. కాగితం మీద కనిపించని వాక్యం నోట్‌ప్యాడ్‌లో కనిపిస్తే అప్పుడు అడగాలి.

ఆమె నమ్మకం ఏమిటి, అది ఎక్కడ తప్పింది

అడిగితే ఆమె దాచలేదు. "సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే కనిపిస్తుంది, మనుషులకు కనిపించదు అని చెప్పారు మేడమ్. అందరూ చేస్తున్నారట" అన్నారు. వీడియోలు చూసి, తోటివారి మాట విని చేసిన పని. మోసం చేయాలన్న ఉద్దేశం కన్నా, తలుపు తెరుచుకోవడం లేదన్న భయమే ఆమెలో ఎక్కువగా కనిపించింది.

నియామక సాఫ్ట్‌వేర్‌ను ఆమె గుమ్మం దగ్గర కూర్చున్న కాపలాదారుగా ఊహించుకున్నారు. అతనికి ఏదో చీటీ చూపించి లోపలికి వెళ్లిపోతే, లోపలున్న మనిషికి ఆ చీటీ సంగతి తెలియదని. కానీ ఏటీఎస్ అని అందరూ పిలిచే ఆ సాఫ్ట్‌వేర్ చేసే ముఖ్యమైన పని, తాను చదివినదాన్ని రిక్రూటర్‌కు చూపించడం. పార్సర్‌కు రంగుతో పనిలేదు, అక్షరాలను తీసుకుంటుంది. అది తీసిన పాఠాన్ని రిక్రూటర్ తరచూ ప్రొఫైల్ పేజీలో మామూలు నల్ల అక్షరాల్లో చూస్తాడు. చాలాచోట్ల అతను వెతికిన పదాలకు పసుపు రంగు కూడా పూసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌కు కనిపించినదేదైనా మనిషి ముందుకు రావడానికే ఎక్కువ అవకాశం.

డెవాప్స్ ఫోన్ల సంగతి ఇక్కడే తేలింది. రిక్రూటర్ కాఫ్కా, కుబర్నెటీస్ అని వెతికాడు. దాచిన పదాల వల్ల ఆమె పేరు జాబితాలోకి వచ్చింది. అంటే ఆ ఎత్తు పనిచేసింది, పైగా సరిగ్గా తాను పనికిరాని ఉద్యోగాల కోసం పనిచేసింది. "కాఫ్కాలో ఏం చేశారు?" అన్న మొదటి ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. ఫోన్ పెట్టేశాక రిక్రూటర్ 'నైపుణ్యం సరిపోలేదు' అని నోట్ రాసుకుంటాడు. అది ఆమె ఈమెయిలుకు, ఫోన్ నంబరుకు అంటుకుని ఉంటుంది. ఆరు నెలల తర్వాత అదే కన్సల్టెన్సీకి మంచి టెస్టింగ్ ఉద్యోగం వస్తే, ఆమె పేరు తెరవగానే ముందు ఆ నోటే కనిపిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌కు మార్కులిచ్చే పద్ధతి ఉన్నచోటైనా లాభం ఉంటుందా అని ఆమె అడిగారు. న్యాయమైన ప్రశ్న, అందుకే కాగితం మీద లెక్క వేసి చూపించాను. వెతుకులాట ఇంజన్లలో బాగా వాడుకలో ఉన్న సూత్రాన్ని బీఎం25 అంటారు. ప్రతి సాఫ్ట్‌వేర్ దీన్నే వాడుతుందని కాదు, కానీ పదాలను లెక్కించే తీరు అర్థం కావడానికి ఇది మంచి నమూనా. ఎలాస్టిక్‌సెర్చ్ అనే వెతుకులాట ఇంజన్‌లో ముందే అమర్చి ఉండే విలువలు తీసుకుందాం: పదం మళ్లీ మళ్లీ రావడానికి హద్దు పెట్టే 1.2, పాఠం పొడవును లెక్కలోకి తీసుకునే 0.75. పదం ఎంత అరుదైనదన్న అంశాన్ని పక్కన పెడితే, సగటు పొడవున్న రెజ్యూమెలో ఒక పదం మూడుసార్లు ఉంటే దానికి వచ్చే విలువ 1.57. అదే పదాన్ని ఇరవైసార్లు రాస్తే విలువ దాదాపు ఏడింతలు పెరగదు, 2.08 దగ్గర ఆగుతుంది. ఎన్నిసార్లు రాసినా 2.2 దాటదు.

అసలు నష్టం వేరేచోట ఉంది. దాచిన పాఠం వల్ల రెజ్యూమె పొడవు రెండింతలైతే, ఆ సూత్రం మిగతా పదాలన్నిటి విలువనూ తగ్గిస్తుంది. ఒక్కసారే రాసిన నిజమైన నైపుణ్యానికి సగటు పొడవులో 1.0 వస్తే, రెండింతల పొడవులో 0.71 మాత్రమే వస్తుంది. ఆమెకు నిజంగా వచ్చిన ఏపీఐ టెస్టింగ్ రెజ్యూమెలో ఒక్కచోటే ఉంది. రాని అరవై పదాలను మోయడానికి, వచ్చిన ఆ ఒక్క పదం దాదాపు మూడో వంతు బరువు పోగొట్టుకుంది. ఈ లెక్క చూశాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

నైపుణ్యాన్ని ఉద్యోగ కాలంతో ముడిపెట్టి చూసే పార్సర్లూ ఉన్నాయి. ఫలానా కంపెనీలో, ఫలానా తేదీల మధ్య వివరించిన పనిలో సెలీనియం కనిపిస్తే, దానికి అన్ని నెలల అనుభవం ఉన్నట్టు లెక్కిస్తాయి. చివరి పేజీ అడుగున ఏ ఉద్యోగానికీ చెందకుండా పడి ఉన్న పదానికి నెలలు లేవు.

సాఫ్ట్‌వేర్‌ను ఆదేశించే చివరి వాక్యం గురించి వేరుగా చెప్పాను. మిగతా పదాలను అత్యుత్సాహం అనుకుని వదిలేసే రిక్రూటర్ ఉండవచ్చు. ఆ వాక్యాన్ని మాత్రం అలా అనుకోవడానికి వీల్లేదు. దాని ఉద్దేశం ఒక్కటే, అది చదివినవారికి వెంటనే తెలుస్తుంది.

రెండో ప్రయత్నం

తెల్లటి పాఠం మొత్తం తీసేశాం. మూడు వారాలు గడిచాయి. ఒక్క ఫోనూ రాలేదు. ఇది నేను ముందే ఊహించి ఆమెకు చెప్పి ఉండవలసింది. తప్పుడు పదాల వల్ల వచ్చే ఫోన్లు ఆగిపోయాయి. నిజమైన పదాలు ఇంకా సరైన చోట లేవు.

ఆమె కంగారుపడి తనంతట తాను మరో పని చేశారు. అవే పదాలను ఈసారి నల్ల అక్షరాల్లో, 'నైపుణ్యాలు' అన్న శీర్షిక కింద పెట్టారు. మొత్తం 58. పరిచయ వాక్యాల్లో సెలీనియం తొమ్మిదిసార్లు వచ్చింది. "ఇప్పుడు దాచలేదు కదా మేడమ్" అన్నారు. నిజమే, దాచలేదు. అందుకే ఇది తప్పని నేను చెప్పడం కన్నా, టెస్టింగ్ బృందాలకు ఇరవై ఏళ్లుగా మనుషులను ఎంచుకుంటున్న ఒక మిత్రుడి చేత చదివించాను. పేరు తీసేసి ఇచ్చాను. ఆయన రెండు నిమిషాల్లో తిరిగి ఇచ్చేశారు.

"ఇందులో ఈమెకు నిజంగా వచ్చినవి ఏవో నాకు తెలియడం లేదు. కాబట్టి నాకు బాగా తెలిసినదాని మీదే మొదటి ప్రశ్న అడుగుతాను. అది ఈమెకు రాకపోతే మిగతా యాభై ఏడూ అబద్ధమనే అనుకుంటాను."

జాబితాలో ఎన్ని పదాలుంటే అన్ని ప్రశ్నలకు అనుమతి ఇచ్చినట్టే. ఏ పదం మీద ప్రశ్న రావాలన్నది ఇక అభ్యర్థి చేతిలో ఉండదు.

పనిచేసినది

అప్పటిదాకా మేమిద్దరం రెజ్యూమెలో ఏ పదాలుండాలని ఆలోచించాం. రిక్రూటర్ వెతుకులాట పెట్టెలో ఏం టైప్ చేస్తాడని ఆలోచించలేదు. నేను పదకొండేళ్లు అదే పని చేశాను, అయినా ఆ వైపునుంచి చూడటానికి ఇంతకాలం పట్టింది. ఆమెకు నిజంగా సరిపోయే పన్నెండు ప్రకటనలు తీసుకుని కూర్చున్నాం. ఉద్యోగం పేరు ఏమని ఉంది, తప్పనిసరి అన్న భాగంలో ఏముంది, ఈ రెండే రాసుకున్నాం. తొమ్మిది పదాలు తేలాయి. అన్నీ ఆమెకు వచ్చినవే.

దాదాపు అన్ని ప్రకటనల్లోనూ ఉద్యోగం పేరు ఆటోమేషన్ టెస్ట్ ఇంజనీరు లేదా క్యూఏ ఇంజనీరు. ఆమె రెజ్యూమెలో ఆ రెండు మాటలూ ఒక్కచోట కూడా లేవు. కంపెనీ ఆమెకిచ్చిన హోదా అసోసియేట్ కన్సల్టెంట్, ఆమె అదే రాశారు. అరవై అబద్ధపు పదాలు దాచిన కాగితంలో, ఆమె చేసే పని పేరు లేదు.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. హోదాను మార్చి రాయవచ్చా? వద్దన్నాను. ఉద్యోగం వచ్చాక జరిగే పాత ఉద్యోగాల తనిఖీలో రిలీవింగ్ లెటర్‌లో ఉన్న హోదాతో పోల్చి చూస్తారు. తేడా ఉంటే ఇచ్చిన ఆఫరు కూడా వెనక్కి పోవచ్చు. అందుకే అసలు హోదాను అలాగే ఉంచి, దాని పక్కన గీత పెట్టి 'ఆటోమేషన్ టెస్టింగ్' అని చేర్చాం. పేరు కింద శీర్షికలో ఆటోమేషన్ టెస్ట్ ఇంజనీరు అని రాశాం. శీర్షిక ఆమె వృత్తిని చెబుతుంది, హోదా కంపెనీ రికార్డును చెబుతుంది. రెండూ నిజమే.

తర్వాత పోర్టళ్లలోని ఆమె ప్రొఫైళ్లు తెరిచాం. ప్రస్తుత ఊరు అన్నచోట సొంత ఊరి పేరు ఉంది. ఉద్యోగం పోయాక కొన్నాళ్లు అక్కడికి వెళ్లినప్పుడు మార్చారట. నోటీసు పీరియడ్ మూడు నెలలని ఉంది, వాస్తవానికి ఆమె మర్నాడే చేరగలరు. హైదరాబాద్, ముప్పై రోజుల లోపు అని ఎంచుకునే ప్రతి రిక్రూటర్ జాబితాలోనూ ఆమె మొదటి మెట్టులోనే రాలిపోతున్నారు. ఈ గళ్లను బట్టి సాఫ్ట్‌వేర్ రెజ్యూమె పాఠంతో సంబంధం లేకుండా వడపోస్తుంది. తెల్ల అక్షరాల్లో ఏం రాసినా వీటిని దాటలేరు.

ఇక అనుభవం భాగం. అంతకుముందు అక్కడ ఉన్నది ఒకే వరుస: సెలీనియం, జావా, టెస్ట్‌ఎన్‌జీ, జెంకిన్స్ వాడి పనిచేశాను. ఏం చేశారో చెప్పమని రెండు గంటలు ప్రశ్నలు అడిగాను. చివరకు ఇలా రాశాం: పాలసీ రెన్యువల్ మాడ్యూల్‌లో 340 రిగ్రెషన్ కేసులను సెలీనియం, జావాలతో ఆటోమేట్ చేశాను, జెంకిన్స్‌లో ప్రతి రాత్రి నడిచేలా అమర్చాను, రెండు రోజులు పట్టే రిగ్రెషన్ ఐదు గంటలకు తగ్గింది. అవే పదాలు, కానీ ఇప్పుడు ఒక్కో పదం తన కంపెనీ తేదీల కింద, తాను చేసిన పని పక్కన నిలబడింది. నెలలు లెక్కపెట్టే పార్సర్‌కూ, చదివే మనిషికీ అదే సరిపోతుంది.

ఈ ప్రశ్నల మధ్యలోనే ఊహించనిది బయటపడింది. ఒక ప్రాజెక్టులో క్లెయిము నమోదయ్యాక కాఫ్కాలోకి సరైన సందేశం చేరిందా లేదా అని ఆమె పరీక్షించేవారు. అంటే కాఫ్కాతో ఆమెకు చిన్న పరిచయం నిజంగానే ఉంది. నైపుణ్యాల జాబితాలో మళ్లీ పెడదామా అని అడిగారు. జాబితాలో పెడితే అది కాఫ్కాను నడపగలనన్న మాట అవుతుంది, మళ్లీ ఆ డెవాప్స్ ఫోన్లే వస్తాయి. అందుకని ఆ ప్రాజెక్టు కింద, క్లెయిము సందేశాలను పరీక్షించిన వాక్యంలోనే ఆ మాట రాశాం. తర్వాత ఒక ఇంటర్వ్యూలో సరిగ్గా ఆ వాక్యం గురించే అడిగారు. పది నిమిషాలు తడుముకోకుండా మాట్లాడానని చెప్పినప్పుడు ఆమె గొంతులో నేను అంతకుముందు వినని ధీమా ఉంది.

ఫలితం, దాని హద్దులు

ఏడు వారాల్లో 31 దరఖాస్తులు పంపారు. ఆరు ఫోన్లు వచ్చాయి, అన్నీ టెస్టింగ్ ఉద్యోగాలకే. మూడుచోట్ల సాంకేతిక ఇంటర్వ్యూ దాకా వెళ్లారు, ఒకచోట ఆఫరు వచ్చింది.

రెజ్యూమె, హోదా, ఊరు, నోటీసు పీరియడ్ అన్నీ ఒకేసారి మార్చాం కాబట్టి ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. నా అనుభవాన్నిబట్టి ఊరు, నోటీసు పీరియడ్ గళ్లే ఫోన్లు తెచ్చాయని, అనుభవం భాగంలోని వాక్యాలు ఇంటర్వ్యూలు దాటించాయని అనుకుంటున్నాను.

ఆ కన్సల్టెన్సీకి ఆమె స్వయంగా ఈమెయిలు రాశారు. దాచిన పాఠం తానే పెట్టానని ఒప్పుకుని కొత్త రెజ్యూమె పంపారు. ఆ అమ్మాయి నోట్ మార్చింది. కానీ ఆ క్లయింటుకు ఆమెను పంపడానికి తన మేనేజర్ ఒప్పుకోలేదని నాకు చెప్పింది. అది అలాగే మిగిలిపోయింది.

ఈ కేసు తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఎవరి రెజ్యూమె వచ్చినా ముందు ఉత్త అక్షరాలుగా మార్చి చదువుతాను, ఆ తర్వాతే పేజీని చూస్తాను. మార్పులు కూడా అభ్యర్థి పాత ఫైలులో చేయను, ఖాళీ ఫైలులో మొదటినుంచి టైప్ చేస్తాను. ఆమె చేత ఆఫరు వచ్చాక ఇంకో పని చేయించాను. ఏయే పోర్టళ్లలో పాత ఫైలు ఉందో గుర్తుచేసుకుని ఒక్కొక్కటిగా తీసేయమన్నాను. నాలుగు దొరికాయి. ఐదోది ఎక్కడుందో ఆమెకు గుర్తులేదు. కొత్త ఉద్యోగంలో చేరిన రెండు నెలలకు కూడా కాఫ్కా ఇంజనీరు కావాలంటూ ఆమెకు ఒక ఫోన్ వచ్చింది.